ఇంటికి డ్రైవర్‌ను పెట్టుకోవడం: నిరీక్షణ గంటలు, వెరిఫికేషన్, ట్రయల్ కాలం

ఇంట్లో పనికి ఎవరినైనా నియమించుకునేటప్పుడు ఒప్పంద పత్రం, ట్రయల్, వెరిఫికేషన్ అనే మూడు మాటలు కలిసే వినిపిస్తాయి. అందువల్ల ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదన్న అభిప్రాయం చాలామందిలో పాతుకుపోయింది. పోలీసు ధ్రువపత్రం ఉంది కాబట్టి ట్రయల్ ఎందుకని కొందరు అడుగుతారు. ఎలాగూ నెల రోజులు చూస్తాం కదా, ఇప్పుడే రాసుకోవడం దేనికని మరికొందరు అంటారు. నిజానికి ఈ మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. వెరిఫికేషన్ గతం గురించి చెబుతుంది. ట్రయల్ ఆ మనిషి పనితనాన్ని, ఆ ఇంటి తీరును పరస్పరం చూపిస్తుంది. ఒప్పందం రేపు తలెత్తబోయే తగాదాకు ఈరోజే జవాబు రాసిపెడుతుంది.

ఇంటిపని సహాయకులు, డ్రైవర్లు, ఇంటికి వచ్చి చదువు చెప్పేవారు అందరికీ ఈ మాటలు వర్తిస్తాయి. అయినా ఈ వ్యాసంలో ఎక్కువ భాగం డ్రైవర్ గురించే ఉంటుంది. పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చడం ఈ ముగ్గురిలో డ్రైవర్ విషయంలోనే అన్నిటికన్నా కష్టం. ఆ చిక్కు విడితే మిగతా ఇద్దరి సంగతి అర్థం చేసుకోవడం సులువు.

ఎవరు ఉద్యోగి, ఎవరు కాదు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పనివారి కోసం 189వ నంబరు ఒడంబడికను ఆమోదించింది. అది 2013లో అమల్లోకి వచ్చింది. ఒక ఇంట్లో గానీ, ఒక ఇంటి కోసం గానీ చేసే పనిని అది ఇంటిపనిగా నిర్వచించింది. ఉద్యోగ సంబంధంలో ఆ పని చేసే ప్రతి ఒక్కరూ ఇంటి పనివారే. వంట, శుభ్రతలతో పాటు ఆ కుటుంబానికి కారు నడపడం కూడా ఈ నిర్వచనంలోకి వస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆర్థిక కార్యకలాపాల వర్గీకరణలో, కుటుంబాలు యజమానులుగా ఉండే విభాగం కింద వంటవారు, తోటమాలులు, డ్రైవర్లతో పాటు ఇంటి ట్యూటర్ల పేరు కూడా కనిపిస్తుంది.

అయితే ఇంటికి వచ్చే ప్రతి ట్యూటరూ ఆ ఇంటి ఉద్యోగి కాదు. నాలుగు ఇళ్లకు తిరుగుతూ, తన వేళలు తానే నిర్ణయించుకుని, గంటకింత అని రుసుము తీసుకునే ఉపాధ్యాయుడు సాధారణంగా స్వతంత్రంగా సేవ అందించే వ్యక్తి. రోజంతా ఒకే కుటుంబం చెప్పినట్టు నడుచుకునే డ్రైవర్ ఉద్యోగి. ఆ మనిషి సమయం ఎవరి చేతుల్లో ఉందన్నదే తేడాను చూపే ముఖ్యమైన గుర్తు. ఒప్పందంలో పెట్టిన పేరును బట్టి ఇది మారదు. కాగితం మీద ‘సేవా ఒప్పందం’ అని రాసుకున్నా, అసలు ఏర్పాటు ఉద్యోగంలా ఉంటే చాలా దేశాల్లో న్యాయస్థానాలు దాన్ని ఉద్యోగంగానే చూస్తాయి.

ఒక రోజును ముగ్గురు మూడు రకాలుగా లెక్కపెడితే

ఒక ఊహాత్మక రోజును తీసుకుందాం. డ్రైవర్ ఉదయం 7 గంటలకు వస్తారు. అరగంట సేపు కారు తుడిచి, టైర్లు, ఇంధనం చూసుకుంటారు. 7:30 నుంచి 9:30 వరకు పిల్లలను బడిలో, యజమానురాలిని ఆఫీసులో దింపుతారు. 9:30 నుంచి 12:30 వరకు ఆఫీసు దగ్గరే కారుతో వేచి ఉంటారు. తర్వాత గంటసేపు నడిపి 1:30కు ఇంటికి చేరుకుంటారు. అక్కడి నుంచి సాయంత్రం 4 వరకు పని లేదు. 4 నుంచి 5 వరకు ఒక ప్రయాణం, 6:30 వరకు నిరీక్షణ, 7:30 వరకు తిరుగు ప్రయాణం. కారు పెట్టి, తాళం అప్పగించి వెళ్లేసరికి రాత్రి 8 అవుతుంది.

ఈ రోజులో ఆయన ఎన్ని గంటలు పనిచేసినట్టు? కారు నడిపింది 5 గంటలే కదా అని యజమాని అనుకోవచ్చు. నేను పనికి వచ్చి 13 గంటలైంది అని డ్రైవర్ అనుకోవచ్చు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. నడిపిన సమయం 5 గంటలు, కారు దగ్గర నిరీక్షణ నాలుగున్నర గంటలు, తుడవడం, అప్పగించడం కలిపి గంట, మధ్యాహ్నం ఖాళీ రెండున్నర గంటలు. మొత్తం 13. అసలు ప్రశ్న నిరీక్షణ గంటలను, ఖాళీ గంటలను ఏ ఖాతాలో వేయాలన్నది.

దీనికి 189వ ఒడంబడికలోని పదో అధికరణం ఒక కొలత ఇస్తుంది. పనివారు తమ సమయాన్ని తమకు నచ్చినట్టు వాడుకునే వీలు లేకుండా, ఇంటివారు పిలిస్తే వెళ్లడానికి అందుబాటులో ఉండాల్సి వస్తే, ఆ వేళలను పని గంటలుగా పరిగణించాలని అంటుంది. అయితే ఏ మేరకు అన్నది ఆయా దేశాల చట్టాలకు, సామూహిక ఒప్పందాలకు, వాడుకకు వదిలింది. ఈ కొలతతో చూస్తే ఆఫీసు దగ్గరి నిరీక్షణ పనిలోకే వస్తుంది, ఎందుకంటే కారును వదిలి వెళ్లే వీలు లేదు. ఆ లెక్కన పని పదిన్నర గంటలు. నిరీక్షణకు సగం రేటు చట్టబద్ధమైన చోట, ఇద్దరూ దానికి ఒప్పుకుంటే, జీతం లెక్కకు అది ఎనిమిదింబావు గంటలు అవుతుంది. నడిపిన 5, తుడిచి అప్పగించిన 1, నిరీక్షణలో సగమైన రెండుంబావు కలిపితే వచ్చే అంకె అది.

మధ్యాహ్నపు రెండున్నర గంటలు ఖాళీయేనా అన్నది మరింత సున్నితమైన ప్రశ్న. ఆ సమయంలో ఆయన ఇంటికి వెళ్లి పడుకోవచ్చా, ఫోను కట్టేయవచ్చా? వీలుంటే అది ఖాళీ. ‘ఇక్కడే ఉండండి, ఏమైనా పని పడితే పిలుస్తాం’ అని ఉంటే, ఒక్కసారి కూడా పిలవకపోయినా అది నిరీక్షణే. నా ఉద్దేశంలో డ్రైవర్ ఒప్పందంలో జీతం అంకె తర్వాత అంత జాగ్రత్తగా రాయాల్సిన వాక్యం ఇదే. ‘మధ్యాహ్నం 1:30 నుంచి 4 వరకు విరామం, ఆ సమయంలో పిలిస్తే పిలిచినప్పటి నుంచి పని లెక్క’ అని ఒక వాక్యం ఉంటే, నెలాఖరులో వచ్చే మనస్పర్థల్లో చాలావాటికి తావుండదు.

రాత్రి ఆలస్యమైతే మర్నాడు ఏమిటి

ఎక్కువ గంటలకు అదనపు డబ్బు ఇస్తే సరిపోతుందని అనిపిస్తుంది. డ్రైవర్ విషయంలో అది సరిపోదు. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతి-కంటి సమన్వయం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం చూపింది. చాలా దేశాల్లో 0.05 శాతం అంటే బండి నడపడానికి చట్టం పెట్టిన హద్దు.

మన ఉదాహరణలోని డ్రైవర్ ఉదయం 5:30కు లేచారనుకుందాం. ఒక వేడుక కారణంగా రాత్రి 11:30 వరకు ఉండాల్సి వస్తే అప్పటికి 18 గంటలుగా మెలకువగా ఉన్నట్టు. మర్నాడు మళ్లీ 7 గంటలకే రమ్మంటే మధ్యలో మిగిలేది ఏడున్నర గంటలు. అందులో రాకపోకలు పోతే నిద్రకు దక్కేది ఇంకా తక్కువ. వాణిజ్య రవాణాలో పనిచేసే డ్రైవర్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో చేసిన 153వ ఒడంబడిక, ఏకధాటిగా 4 గంటలకు మించి నడపకూడదని, రోజులో బండి నడిపే సమయం మొత్తం 9 గంటలు దాటకూడదని, 24 గంటల్లో కనీసం 10 గంటలు ఎడతెగని విశ్రాంతి ఉండాలని చెబుతుంది. ఇంటి డ్రైవర్లకు ఇది అన్నిచోట్లా వర్తించదు. కానీ కొలతగా తీసుకోవడానికి ఇంతకంటే మంచి అంకెలు నాకు కనబడలేదు. దాని ప్రకారం 11:30కు పని ముగిస్తే మర్నాడు 9:30 కంటే ముందు పిలవకూడదు. బడి వేళకు వేరే ఏర్పాటు చేసుకోవాల్సింది యజమానే. ఈ నియమం ముందే రాసి ఉంటే, ‘ఈ ఒక్కరోజుకి రండి’ అన్న అభ్యర్థనను కాదనలేని ఇరకాటం డ్రైవర్‌కు ఎదురుకాదు.

జరిమానాలు, గీతలు, ‘ఇతర పనులు’

ఒప్పందంలో ఏమేం ఉండాలన్నదానికి 189వ ఒడంబడిక ఏడో అధికరణం మంచి పట్టిక ఇస్తుంది. ఇరువురి పేర్లు, చిరునామాలు, పనిచేసే చోటు, మొదలయ్యే తేదీ, పని స్వభావం, జీతం, దాన్ని లెక్కించే పద్ధతి, పని వేళలు, వారపు సెలవు, వార్షిక సెలవు, ట్రయల్ ఉంటే దాని గడువు, మానేసేటప్పుడు లేదా మాన్పించేటప్పుడు ఇవ్వాల్సిన నోటీసు. ఇవన్నీ పనివారికి అర్థమయ్యేలా చెప్పాలన్నది అందులోని మూలసూత్రం. వీలైతే రాతపూర్వకంగానే ఉండాలని కూడా ఉంది. కాబట్టి ఎదుటి మనిషి చదవగలిగే భాషలో రాసి, చదివి వినిపించి, ఒక ప్రతి ఆయన చేతికి ఇచ్చినప్పుడే ఆ కాగితానికి విలువ.

పట్టికలో లేనివి, డ్రైవర్ విషయంలో తరచూ తగాదా తెచ్చేవి మరో రెండున్నాయి. మొదటిది జరిమానాలు, మరమ్మతు ఖర్చులు. అతివేగానికి జరిమానా పడితే డ్రైవర్‌దే బాధ్యత అన్నది తేలిక. బీమా గడువు దాటిన కారుకు, లేదా ‘ఇక్కడే ఆపండి’ అని యజమాని చెప్పిన చోట ఆపినందుకు పడిన జరిమానా యజమానిది. చిక్కంతా గీతల దగ్గర, సొట్టల దగ్గర వస్తుంది. డబ్బు పోతుందన్న భయం ఉంటేనే జాగ్రత్తగా నడుపుతారని, కనుక జీతంలో కోత ఉండాలని కొందరి వాదన. రోజంతా రద్దీలో నడిపే మనిషికి చిన్న గీత పడటం ఆ పనిలోనే ఉన్న ప్రమాదమని, ఆ ప్రమాదాన్ని భరించడానికే బీమా ఉందని, కోతకు భయపడినవారు దెబ్బను దాచిపెడతారని రెండో వాదన. ఈ రెండోదే నాకు ఎక్కువ బలంగా కనిపిస్తుంది. దాచిన సొట్ట కంటే దాచిన బ్రేకు లోపం ఎన్నో రెట్లు ప్రమాదకరం. జీతాల రక్షణపై 1949 నాటి 95వ ఒడంబడిక కూడా, చట్టం అనుమతించిన షరతుల మేరకే జీతంలో కోత పెట్టాలని అంటుంది. అంటే ఇద్దరూ సంతకం పెట్టినా, స్థానిక చట్టం ఒప్పుకోని కోత చెల్లదు.

రెండోది ‘అవసరాన్ని బట్టి ఇతర పనులు’ అన్న వాక్యం. చూడటానికి నిరపాయంగా ఉంటుంది. ఆరు నెలల తర్వాత మొక్కలకు నీళ్లు, బరువుల మోత, వృద్ధుల సంరక్షణ అన్నీ అందులోకి చేరతాయి. ఏ పనులో పేరు పెట్టి రాయాలి, లేదా ఆ వాక్యాన్ని కొట్టేయాలి.

ఒక్కో కాగితం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

వెరిఫికేషన్ అంటే గుర్తింపు కార్డు ఫోటో తీసుకోవడమే అనుకునేవారు ఎక్కువ. గుర్తింపు కార్డు ఆయన ఎవరో చెబుతుంది, అంతే. లైసెన్స్ ఏ తరగతి వాహనం నడపడానికి ఎప్పటివరకు అనుమతి ఉందో చెబుతుంది. కొన్ని దేశాల్లో ఆటోమేటిక్ గేరు కారు మీద పరీక్ష పాసైనవారికి చేతి గేరు కారు నడిపే అనుమతి ఉండదు. కాబట్టి గడువు తేదీతో పాటు షరతుల గడి కూడా చదవాలి. కార్డును చూసి నమ్మడం కంటే, దాన్ని జారీ చేసిన సంస్థ దగ్గర నంబరు సరిచూసుకునే వీలుంటే అదే మేలు. తర్వాత బీమా సంస్థను అడగాలి. కొన్ని పాలసీలు పేరు నమోదైన వ్యక్తులు నడిపితేనే వర్తిస్తాయి.

పోలీసు ధ్రువపత్రాన్ని చాలామంది మంచితనానికి ముద్రగా చూస్తారు. ఆ తేదీ నాటికి, ఆ అధికార పరిధి రికార్డుల్లో, ఆ పేరు మీద ఫలానా రకం నమోదు కనబడలేదని మాత్రమే అది చెబుతుంది. ఫిర్యాదు దాకా వెళ్లని దురుసుతనం అందులో ఉండదు. మరో ప్రాంతపు రికార్డు ఉండకపోవచ్చు. అది అవసరం లేదని నేను అనడం లేదు. దాని హద్దు తెలిసి వాడుకోవాలన్నదే నా మాట.

నడవడిక గురించి తెలిసేది పాత యజమానితో మాట్లాడినప్పుడే. ఇక్కడ ఒక మోసానికి వీలుంది. అభ్యర్థి ఇచ్చిన నంబరులో పలికేది స్నేహితుడు కావచ్చు. ‘మంచివారేనా?’ అని అడిగితే ఎవరైనా అవునంటారు. వివరాలు అడగాలి. ఏ నెల నుంచి ఏ నెల వరకు పనిచేశారు, ఏ కారు, రాత్రి ప్రయాణాలు ఉండేవా, సెలవు పెట్టాలంటే ముందు చెప్పేవారా, ఎందుకు మానేశారు? అవే ప్రశ్నలు అభ్యర్థిని విడిగా అడిగి పోల్చుకుంటే, నిజంగా కలిసి పనిచేసినవారి జవాబులు ముఖ్యమైన చోట్ల కలుస్తాయి. నెల అటూ ఇటూ అయితే అది జ్ఞాపకశక్తి సంగతి. కారు రకమే వేరైతే ఆలోచించాల్సిందే.

ఈ పరిశీలన అవమానకరమని భావించేవారూ ఉన్నారు. వారి బాధలో న్యాయం ఉంది, ఎందుకంటే ఇది తరచూ ఒకవైపే జరుగుతుంది. అభ్యర్థి అనుమతి తీసుకోవాలి, పనికి సంబంధించినవే అడగాలి, ప్రతి మీద ‘డ్రైవర్ ఉద్యోగ పరిశీలన కోసం మాత్రమే’ అని తేదీతో రాయాలి. అసలు పత్రాలు అట్టిపెట్టుకోకూడదు. గుర్తింపు, ప్రయాణ పత్రాలు పనివారి దగ్గరే ఉండే హక్కును 189వ ఒడంబడిక తొమ్మిదో అధికరణం స్పష్టంగా పేర్కొంది. అటువైపు డ్రైవర్‌కు కూడా కారు రిజిస్ట్రేషన్, బీమా, బ్రేకుల స్థితి చూసుకునే హక్కుండాలి. దారిలో ఆపితే ముందుగా జవాబు చెప్పాల్సింది చక్రం పట్టుకున్న మనిషే.

ట్రయల్ కాలంలో చూడాల్సింది

ట్రయల్ అంటే జీతం లేని రోజులు కావు, ఒప్పందం లేని రోజులు కూడా కావు. మొదటి రోజు నుంచే అది ఉద్యోగం. తేడా ఒక్కటే, విడిపోవడం తేలిక. ఉదాహరణకు ట్రయల్‌లో ఏ పక్షమైనా 3 రోజుల నోటీసుతో, ఆ తర్వాత 30 రోజుల నోటీసుతో ముగించవచ్చని రాసుకోవచ్చు. చట్టం కనీస గడువు పెట్టిన చోట దానికంటే తగ్గించడం కుదరదు.

ఎంతకాలం అన్నదానిపై రెండు అభిప్రాయాలున్నాయి. వారం చాలని కొందరు, మూడు నెలలు కావాలని కొందరు అంటారు. మొదటి వారం అందరూ జాగ్రత్తగానే ఉంటారు కాబట్టి వారం తక్కువ. మూడు నెలలు అనిశ్చితిలో ఉంచితే మంచి డ్రైవర్ మరో చోటు వెతుక్కుంటారు. నాలుగు వారాలు నాకు సమంజసంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఒక నెలలో ఆ ఇంటి ప్రయాణాల్లో చాలా రకాలు ఒకసారైనా వస్తాయి.

మన ఉదాహరణలోని కుటుంబం మొదటి వారం యజమాని పక్కన కూర్చుని ప్రయాణించేలా, పిల్లలను ఒంటరిగా పంపకుండా ఏర్పాటు చేసుకుంది. రెండో రోజే డ్రైవర్ దారి తప్పి పది నిమిషాలు ఆలస్యమయ్యారు. అది లెక్కలోకి రాదు, దారి అలవాటవుతుంది. నాలుగో రోజు మరో సంగతి కనబడింది. ముందు బండికి మరీ దగ్గరగా వెళ్లి, చివరి క్షణంలో బ్రేకు వేస్తున్నారు. ముందు వాహనం ఒక స్తంభాన్ని దాటాక మన వాహనం అక్కడికి చేరడానికి కనీసం రెండు సెకన్లు పట్టాలన్నది పొడి రోడ్డు మీద వాడే కొలత. ఆయనకు ఒక సెకను కూడా పట్టడం లేదు. వారాంతంలో ఈ ఒక్క విషయమే ఉదాహరణతో చెప్పి, తేదీ వేసి రాసుకున్నారు. అదే సమయంలో డ్రైవర్ కూడా ఒక మాట చెప్పారు. విరామమని రాసిన మధ్యాహ్నం వేళలో మూడుసార్లు పిలిచారని. అదీ రాసుకున్నారు. మూడో వారానికి దూరం పాటించడం ఆయనకు అలవాటైంది, విరామంలో పిలుపులు ఆగాయి. ఉద్యోగం ఖాయం చేశారు.

దారి తెలియకపోవడం, కొత్త కారు కొలతలు అలవాటు కాకపోవడం ట్రయల్‌లో సరిదిద్దుకోగలవి. నడుపుతూ ఫోను చూడటం, మద్యం వాసన, జరిగినదాన్ని దాచడం అలాంటివి కావు. ఈ రెండో రకం ఏవో ముందే పేరు పెట్టి చెబితే, మాన్పించాల్సి వచ్చినప్పుడు కారణం ఇద్దరికీ తెలిసే ఉంటుంది.

ఇంటిపని సహాయకురాలికి, ట్యూటర్‌కు మారేవి

ఇంటిపనిలో నిరీక్షణ కంటే పని పరిమాణం పెద్ద సమస్య. రెండు గంటల పని అని మొదలై గదులు, మనుషులు పెరిగినా గంటలు అలాగే ఉండిపోతాయి. అందుకే పనులతో పాటు వాటికి పట్టే సమయాన్ని కూడా ట్రయల్ వారంలో గడియారం చూసి నమోదు చేయడం మంచిది. అదే ఇంట్లో ఉండి పనిచేసేవారికి వారంలో కనీసం 24 గంటలు వరుస విశ్రాంతి ఉండాలని, ఆ సమయంలో ఇంట్లోనే ఉండమని ఒత్తిడి చేయకూడదని 189వ ఒడంబడిక చెబుతుంది.

ట్యూటర్ విషయంలో ట్రయల్‌ను నెలల్లో కాక తరగతుల్లో కొలవాలి. మూడు నాలుగు తరగతుల తర్వాత మార్కులు పెరగవు. కానీ పిల్లవాడు తప్పు చేసినప్పుడు ఆయన జవాబు చెప్పేస్తున్నారా, ఎక్కడ తప్పిందో పిల్లవాడి చేతే పట్టిస్తున్నారా అన్నది కనబడుతుంది. రద్దయిన తరగతికి రుసుము ఉందా, ఎన్ని గంటల ముందు చెబితే లేదు అన్నది రాయాలి. ఎంత నమ్మకస్థులైనా తలుపు తెరిచి ఉన్న గదిలోనే, పెద్దవారు ఇంట్లో ఉన్నప్పుడే పాఠం జరగాలి. ఇది పిల్లవాడితో పాటు ట్యూటర్‌ను కూడా కాపాడే నియమం.

విడిపోయే రోజు లెక్క

మానేసే రోజున చేయాల్సినవి కూడా మొదటి రోజే రాసుకోవాలి, ఎందుకంటే అప్పుడు ఇద్దరి మధ్యా సామరస్యం ఉంటుంది. నెల మధ్యలో ఆపితే రోజు జీతాన్ని ఎలా లెక్కిస్తారో స్పష్టంగా ఉండాలి. నెలలో 26 పనిదినాలుంటే, 13 పనిచేసిన మనిషికి 26తో భాగిస్తే సగం జీతం వస్తుంది. క్యాలెండరులోని 30 రోజులతో భాగించి పనిచేసిన 13 రోజులకే ఇస్తే సగానికి తగ్గుతుంది. వాడని సెలవులకు డబ్బు ఉందో లేదో రాయాలి. డ్రైవర్ తాళాలు, ఇంధన కార్డు అప్పగించి సంతకం తీసుకోవాలి. యజమాని బీమా పాలసీ నుంచి ఆయన పేరు తీయించాలి, చట్టం దాచమనని పత్రాల ప్రతులను చించేయాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ వాహనం నడిపారో తెలిపే పత్రం ఇవ్వాలి. తర్వాతి ఇంటివారు ఫోను చేసి అడిగేది ఆ వివరాలే.